డీజిల్ కారు కొంటున్నారా? ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగితే గిట్టుబాటు.. ఈ లెక్క ఒక్కసారి చూడండి

కారు కొనాలని షోరూమ్‌కు వెళ్తే ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. "సార్, డీజిల్ తీసుకోండి.. మైలేజ్ ఎక్కువ, లీటర్ రేటు తక్కువ, ఖర్చు కలిసొస్తుంది." ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది మాత్రం అందరికీ వర్తించదు. ఎందుకంటే డీజిల్‌లో మిగిలే డబ్బు బండి తిరిగితేనే మిగులుతుంది. డీజిల్ కోసం అదనంగా పెట్టే డబ్బు మాత్రం బండి ఇంటి ముందు ఆగి ఉన్నా ఖర్చయినట్టే.

అందుకే రోజూ మెట్రోలోనో, ఆఫీస్ క్యాబ్‌లోనో వెళ్తూ శని, ఆదివారాల్లో మాత్రమే కారు తీసేవాళ్లకు డీజిల్ చాలాసార్లు నష్టంగా మారుతోంది. మరి ఎన్ని కిలోమీటర్లు తిరిగితే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది? దీన్నే బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటారు. కాగితం, పెన్ను ఉంటే పది నిమిషాల్లో ఎవరైనా తేల్చుకోవచ్చు.

ఒకప్పుడు డీజిల్ ఎందుకు అంత లాభం?

ఇప్పటికీ చాలామంది ఇళ్లలో "డీజిల్ అంటేనే ఆదా" అన్న మాట ఉంది. దానికి కారణం పాత రేట్లు. 2012 మే నెలలో ఢిల్లీలో లీటర్ పెట్రోల్ 73 రూపాయలు దాటింది. అప్పుడు డీజిల్ 41 రూపాయల దగ్గరే ఉంది. అంటే లీటర్‌కు 30 రూపాయలకు పైగా తేడా. అప్పట్లో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ ఉండేది. 2014 అక్టోబర్‌లో కేంద్రం ఆ నియంత్రణ ఎత్తేసింది. ఆ తర్వాత రెండు రేట్లూ క్రమంగా దగ్గరికి వచ్చాయి.

రెండో మార్పు 2020 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు నుంచి బీఎస్-6 రూల్స్ అమల్లోకి వచ్చాయి. డీజిల్ పొగను శుభ్రం చేయడానికి ఖరీదైన పరికరాలు అమర్చాల్సి వచ్చింది. దాంతో పెట్రోల్, డీజిల్ కార్ల ధరల మధ్య తేడా పెరిగింది. చిన్న కార్లలో ఈ ఖర్చు గిట్టుబాటు కాదని మారుతి సుజుకీ లాంటి కంపెనీ డీజిల్ కార్లనే ఆపేసింది.

అంటే పంపు దగ్గర తేడా తగ్గింది, షోరూమ్ దగ్గర తేడా పెరిగింది. లెక్క మారింది ఇక్కడే.

లెక్కకు కావాల్సినవి రెండే

ఒకటి, డీజిల్ కోసం మొత్తంగా ఎంత అదనంగా పెడుతున్నారు. రెండోది, ఒక్కో కిలోమీటర్‌కు ఎంత మిగులుతోంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చాలు.

బ్రేక్ ఈవెన్ కిలోమీటర్లు = అదనపు ఖర్చు ÷ కిలోమీటర్‌కు ఆదా

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉండే ఒక ఉద్యోగి కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనాలనుకుంటున్నారు అనుకుందాం. ఒకే మోడల్, ఒకే వేరియంట్, రెండూ మాన్యువల్ గేర్లే. ఒకటి పెట్రోల్, ఇంకొకటి డీజిల్. ఎక్స్ షోరూమ్ ధరలో తేడా 1,30,000 రూపాయలు.

తేడా 1.30 లక్షలతో ఆగదు

చాలామంది ఇక్కడే పొరపడతారు. మన రాష్ట్రాల్లో లైఫ్ ట్యాక్స్ కారు ధరలో శాతం లెక్కన వేస్తారు. కాబట్టి ఎక్కువ పెట్టిన 1.30 లక్షల మీద కూడా ట్యాక్స్ పడుతుంది. 17 శాతం అనుకుంటే దాని మీదే 22,100 రూపాయలు. ఒక్కోసారి డీజిల్ ధర వల్ల బండి పై స్లాబ్‌లోకి వెళ్లిపోతుంది. అప్పుడు ట్యాక్స్ శాతం మొత్తం ధర మీదే పెరుగుతుంది. అందుకే రెండు బండ్లకూ విడివిడిగా ఆన్ రోడ్ కొటేషన్ రాయించుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో కూడా కొంత తేడా ఉంటుంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది. 1,200 సీసీ పెట్రోల్‌కు, 1,500 సీసీ డీజిల్‌కు స్లాబ్ ఒకటే. కానీ సొంత బండి డ్యామేజ్ కవర్ ప్రీమియం బండి విలువను బట్టి ఉంటుంది కాబట్టి డీజిల్‌కు కాస్త ఎక్కువ పడుతుంది. ఆ తేడా మొదటి ఏడాది 3,900 రూపాయలు అనుకుందాం. అన్నీ కలిపితే ఆన్ రోడ్ తేడా 1,56,000 రూపాయలకు చేరింది.

కిలోమీటర్‌కు ఎంత మిగులుతుంది?

హైదరాబాద్‌లో పెట్రోల్ 107, డీజిల్ 96 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. పెట్రోల్ బండి సిటీ, హైవే కలిపి లీటర్‌కు 14 కిలోమీటర్లు, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం.

పెట్రోల్: 107 ÷ 14 = కిలోమీటర్‌కు 7.64 రూపాయలు
డీజిల్: 96 ÷ 18 = కిలోమీటర్‌కు 5.33 రూపాయలు
ఆదా: కిలోమీటర్‌కు 2.31 రూపాయలు

ఇప్పుడు 1,56,000ను 2.31తో భాగిస్తే దాదాపు 67,500 కిలోమీటర్లు వస్తుంది. ఈ దూరం తిరిగాకే డీజిల్ మొదటి రూపాయి మిగల్చడం మొదలవుతుంది. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇది మూడేళ్ల నాలుగైదు నెలల పని. ఏడాదికి 8,000 తిరిగేవాళ్లకు ఎనిమిదేళ్లు దాటుతుంది. అంతకాలం ఆ కారు వాళ్ల దగ్గరే ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

అసలు లెక్క ఇంకా పూర్తి కాలేదు

పైన వేసింది తొలి అంచనా మాత్రమే. కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారో అనుకుని, ఆ కాలంలో వచ్చే మిగతా ఖర్చులు కూడా కలపాలి. మన ఉదాహరణలో కారును ఆరేళ్లు ఉంచుకుంటారని పెట్టుకుందాం.

మొదటిది వడ్డీ. ఆ అదనపు 1,56,000 కూడా లోన్‌లోనే కలిసింది అనుకుంటే, 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు దాని మీద వడ్డీయే సుమారు 38,000 రూపాయలు. క్యాష్ పెట్టి కొన్నా ఇది సున్నా కాదు. ఆ డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే వచ్చే వడ్డీ పోయినట్టే.

రెండోది సర్వీస్, ఇన్సూరెన్స్ రెన్యూవల్. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ ఎక్కువ పడుతుంది, ఫ్యూయల్ ఫిల్టర్ ఖర్చు ఉంటుంది. కొన్ని మోడళ్లలో యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయించాలి. రెన్యూవల్ తేడాతో కలిపి ఏడాదికి 4,000 ఎక్కువ అనుకుంటే ఆరేళ్లకు 24,000.

మూడోది మనకు తిరిగొచ్చేది. అదే రీసేల్. కొన్నప్పుడు 1.30 లక్షలు ఎక్కువైన డీజిల్ బండికి, అమ్మేటప్పుడు కూడా కొంత ఎక్కువ రావచ్చు. ఇక్కడ 40,000 అనుకుందాం. అన్నిటికంటే నమ్మకం తక్కువున్న అంకె ఇదే. ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015లో ఎన్జీటీ ఆంక్షలు పెట్టాక, పాత డీజిల్ బండి కొనేవాళ్లు ఆలోచిస్తున్నారు. కాబట్టి రీసేల్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకుండా తక్కువగానే వేసుకోవడం మంచిది.

ఇప్పుడు కూడుదాం. 1,56,000 + 38,000 + 24,000 − 40,000 = 1,78,000 రూపాయలు. ఆరేళ్లకు పంచితే ఏడాదికి సుమారు 29,670. దాన్ని 2.31తో భాగిస్తే ఏడాదికి దాదాపు 12,800 కిలోమీటర్లు. నెలకు 1,070. రోజుకు 35 కిలోమీటర్లు.

ఈ బండికి, ఈ ఇంటికి బ్రేక్ ఈవెన్ అదే. అంతకంటే తక్కువ తిరిగితే పెట్రోల్ మేలు, ఎక్కువ తిరిగితే డీజిల్ మేలు.

8 వేలు తిరిగితే ఎంత నష్టం? 20 వేలు తిరిగితే ఎంత లాభం?

ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగితే ఆరేళ్లలో ఇంధనంలో మిగిలేది సుమారు 1,10,900 రూపాయలు. పెట్టింది 1,78,000. అంటే డీజిల్ తీసుకున్నందుకు 67,000 రూపాయలు చేతి నుంచి పోయినట్టు. విచిత్రం ఏంటంటే ఈ నష్టం కంటికి కనిపించదు. పంపు దగ్గర బిల్లు తక్కువే వస్తుంది కాబట్టి ఆదా అవుతున్నట్టే అనిపిస్తుంది. అసలు డబ్బు ఈఎంఐలో, ట్యాక్స్‌లో ముందే వెళ్లిపోయి ఉంటుంది.

ఏడాదికి 20,000 తిరిగేవాళ్లకు ఇదే బండి ఆరేళ్లలో 2,77,000 రూపాయల ఇంధనం ఆదా చేస్తుంది. ఖర్చులు పోను 99,000 మిగులుతుంది. వారానికి రెండుసార్లు హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లొచ్చే వ్యాపారికి డీజిల్ తప్పేం కాదు.

లీటర్ రేటు తేడా కంటే మైలేజ్ తేడానే ముఖ్యం

డీజిల్ రేటు 11 రూపాయలు తక్కువ కాబట్టే ఆదా అనుకుంటారు చాలామంది. కానీ మన ఉదాహరణలో డీజిల్ కూడా 107 రూపాయలే అయితే? అప్పటికీ కిలోమీటర్‌కు 1.70 మిగులుతుంది. అంటే 2.31 ఆదాలో 1.70 మైలేజ్ వల్ల వస్తోంది. రేటు తేడా వల్ల వచ్చేది 61 పైసలే.

డీజిల్ ఇంజిన్ గాలిని ఎక్కువగా నొక్కి ఇంధనాన్ని మండిస్తుంది. పైగా ఒక లీటర్ డీజిల్‌లో ఉండే శక్తి కూడా లీటర్ పెట్రోల్ కంటే ఎక్కువ. అందుకే అదే దూరానికి తక్కువ లీటర్లు సరిపోతాయి. ఈ రెండూ ఎక్కడికీ పోవు. కానీ పంపు దగ్గర తేడా ట్యాక్సులను బట్టి మారుతూ ఉంటుంది. రెండు రేట్లూ సమానమైతే మన బ్రేక్ ఈవెన్ 12,800 నుంచి సుమారు 17,500 కిలోమీటర్లకు పెరుగుతుంది. 2012 నాటి రేట్లతో ఇవే మైలేజ్‌లు వేసి చూస్తే, డీజిల్ బండి ఇంధన ఖర్చులో సగానికి పైగా మిగిల్చేది. ఇప్పుడు మిగిల్చేది 30 శాతం.

కాబట్టి లెక్కలో మైలేజ్ అంకె సరిగ్గా ఉండాలి. కంపెనీ చెప్పే ఏఆర్ఏఐ మైలేజ్ ల్యాబ్‌లో తీసింది, రోడ్డు మీద అంత రాదు. అదే మోడల్ వాడుతున్నవాళ్లను అడిగి తెలుసుకోవడం మేలు. వాళ్లు కూడా అంచనాగా కాకుండా ట్యాంక్ లెక్క చెప్పాలి. ట్యాంక్ ఆటో కట్ ఆఫ్ వరకు నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపాలి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజ్ వస్తుంది. పెట్రోల్ బండ్ల విషయంలో పాత రివ్యూలు చూడొద్దు. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజ్ కొంత తగ్గుతుంది.

తక్కువ తిరిగే డీజిల్ బండికి ఇంకో తలనొప్పి

డబ్బు లెక్క ఒకటైతే, ఇంజిన్ సమస్య ఇంకొకటి. బీఎస్-6 డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని ఇది పట్టి ఉంచుతుంది. మసి నిండాక బండే దాన్ని లోపల కాల్చేసుకుంటుంది. దీన్ని రీజెనరేషన్ అంటారు. అందుకు ఫిల్టర్ సుమారు 600 డిగ్రీల వరకు వేడెక్కాలి. హైవే మీద ఆగకుండా కాసేపు వెళ్తే ఇది దానంతట అదే జరిగిపోతుంది.

కానీ ఇంటి నుంచి మూడు కిలోమీటర్ల దూరంలోని స్కూల్‌కు, అక్కడి నుంచి కూరగాయల మార్కెట్‌కు వెళ్లొచ్చే బండికి ఆ అవకాశం దొరకదు. ఫిల్టర్ వేడెక్కేలోపే ఇంజిన్ ఆపేస్తారు. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇలా జరిగినప్పుడల్లా మసి కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్‌లో కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెరిగి కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఆయిల్ పల్చబడిందని అర్థం, వెంటనే సర్వీస్ సెంటర్‌లో చూపించాలి.

రీజెనరేషన్ జరుగుతోందని గుర్తుపట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం మామూలు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. డిస్‌ప్లేలో మైలేజ్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇంజిన్ ఆపినా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉంటుంది. అప్పుడు వీలైతే ఆపకుండా ఇంకాసేపు నడపడం మంచిది. డీపీఎఫ్ లైట్ వెలిగితే బండి మాన్యువల్‌లో చెప్పినట్టు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట స్థిరమైన స్పీడ్‌లో నడపాలి. పట్టించుకోకుండా వదిలేస్తే ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది, ఆ తర్వాత వర్క్‌షాప్‌కు వెళ్లక తప్పదు.

ఆరేళ్లలో ఒక్కసారి ఇలా 20,000 ఖర్చయిందనుకున్నా, మన బ్రేక్ ఈవెన్ ఏడాదికి ఇంకో 1,400 కిలోమీటర్లు పెరుగుతుంది. తక్కువ తిరిగేవాళ్లకే ఈ ఖర్చు వచ్చే అవకాశం ఎక్కువ. అంటే లెక్క ఎవరికైతే ముందే నష్టంగా ఉందో, వాళ్లకే ఇది ఇంకా బరువవుతుంది.

అన్ని బండ్లకూ ఒకే నంబర్ కాదు

12,800 అన్నది ఈ ఉదాహరణకే. పెద్ద ఏడు సీట్ల బండి అయితే కథ వేరు. అలాంటి బండి పెట్రోల్‌లో లీటర్‌కు 9, డీజిల్‌లో 13 ఇస్తే కిలోమీటర్‌కు 4.50 మిగులుతుంది. అదనపు ఖర్చు అంతే ఉంటే ఏడాదికి 6,600 కిలోమీటర్లకే బ్రేక్ ఈవెన్ వచ్చేస్తుంది. బండి ఎంత బరువైతే, పెట్రోల్ మైలేజ్ ఎంత పడిపోతే, డీజిల్ అంత త్వరగా గిట్టుబాటు అవుతుంది.

ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది కూడా ముఖ్యమే. ఇదే కాంపాక్ట్ ఎస్‌యూవీని పదేళ్లు ఉంచుకుని, రీసేల్ తేడా 20,000కు తగ్గిందనుకున్నా, బ్రేక్ ఈవెన్ ఏడాదికి దాదాపు 9,300కు దిగుతుంది. నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లకు మాత్రం పైకి పోతుంది.

ఇంకో జాగ్రత్త. పోల్చేటప్పుడు సమానమైన బండ్లనే పోల్చాలి. బేసిక్ పెట్రోల్ వేరియంట్‌ను సన్‌రూఫ్ ఉన్న డీజిల్ టాప్ వేరియంట్‌తో పోలిస్తే, ఆ తేడాలో సన్‌రూఫ్ ధర కూడా కలిసిపోతుంది. అలాగే టర్బో డీజిల్‌ను మామూలు పెట్రోల్ ఇంజిన్‌తోనే కాకుండా, టర్బో పెట్రోల్‌తో కూడా పోల్చి చూడాలి. ధర తేడా తగ్గుతుంది, మైలేజ్ తేడా మారుతుంది, రెండు లెక్కలూ వేరుగా వస్తాయి.

మీరు ఏడాదికి ఎంత తిరుగుతున్నారు?

ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు అసలు కంటే ఎక్కువే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లిన ట్రిప్, తిరుపతి ప్రయాణం గుర్తుంటాయి. కారు కదలని వారాలు గుర్తుండవు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తే సుమారు 550 కిలోమీటర్లు. అలా ఏడాదికి నాలుగుసార్లు వెళ్లొచ్చినా 2,200 దాటదు.

ఇప్పటికే కారు ఉంటే పాత సర్వీస్ బిల్లులు తీయండి. ప్రతి బిల్లు మీద ఓడోమీటర్ రీడింగ్, తేదీ ఉంటాయి. ఏడాది తేడా ఉన్న రెండు బిల్లుల రీడింగ్‌లు తీసేస్తే అసలు అంకె బయటపడుతుంది. మొదటి కారు అయితే రోజూ కారులోనే వెళ్తామని నమ్మకంగా చెప్పగలిగే దూరాన్ని, అలా వెళ్లే రోజుల సంఖ్యతో గుణించి, ఊరి ప్రయాణాలు కలపండి.

ఆ అంకె మీ బ్రేక్ ఈవెన్ కంటే బాగా తక్కువ ఉంటే పెట్రోల్ తీసుకోవచ్చు. బాగా ఎక్కువ ఉంటే డీజిల్. రెండూ వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల తేడాలో ఉంటే డబ్బు పరంగా దాదాపు సమానమే అనుకోవాలి. అప్పుడు ఎక్కువగా తిరిగేది హైవే మీదా, కాలనీ రోడ్ల మీదా అన్నది చూసుకుని నిర్ణయించుకోండి. ఘాట్ రోడ్లలో, ఫుల్ లోడ్‌తో డీజిల్ లాగే తీరు నచ్చి తీసుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు కూడా ఆ ఇష్టానికి ఎంత కడుతున్నారో ఈ లెక్కతో ముందే తెలుసుకోవచ్చు.